స్టెప్పు తప్పే మోటారు, సెగలు కక్కే డ్రైవరు

స్టెప్పర్ మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో డ్రైవరు బోర్డు మీది ఒక చిన్న స్క్రూ నిర్ణయిస్తుంది. కాగితం మీద పెన్నుతో బొమ్మలు గీసే చిన్న ప్లాటర్‌లోనూ, కెమెరాను పట్టాల మీద మెల్లగా జరిపే స్లైడర్‌లోనూ వచ్చే రెండు పెద్ద చిక్కులకు ఈ స్క్రూతో సంబంధం ఉంటుంది. మోటారు మధ్యలో స్టెప్పులు తప్పి, గీస్తున్న వలయం మొదలైన చోటికి వచ్చి కలవకపోవడం ఒకటి. మోటారో, దాన్ని నడిపే డ్రైవరో చెయ్యి పెట్టలేనంతగా కాలడం రెండోది. స్టెప్పు తప్పితే కరెంటు పెంచడం, కాలితే తగ్గించడం అందరికీ ముందుగా తోచే మందు. అయితే కరెంటు మరీ ఎక్కువైనా స్టెప్పులు తప్పుతాయి. కరెంటుతో ఏ సంబంధమూ లేని కారణాల వల్ల కూడా తప్పుతాయి. అందుకే స్క్రూ మీద చెయ్యి వేసే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి.

ఇలాంటి యంత్రాల్లో ఎక్కువగా వాడేది నెమా 17 మోటారు. దాని ముందు పలక సుమారు 42 మిల్లీమీటర్ల చదరం. లోపల రెండు జతల కాయిళ్లు, మధ్యలో పళ్లున్న అయస్కాంత రోటారు ఉంటాయి. కాయిళ్లలో కరెంటు మారిన ప్రతిసారీ రోటారు 1.8 డిగ్రీలు తిరుగుతుంది. అలా 200 స్టెప్పులు వేస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. రోటారు నిజంగా కదిలిందో లేదో డ్రైవరుకు తెలిసే మార్గం లేదు. పల్సు అందింది, కాయిల్లో కరెంటు మార్చింది, అంతే. కదలిక జరిగిపోయిందనే నమ్మకం మీదే మొత్తం లెక్క నడుస్తుంది.

రాపిడి, బరువు లాగుతున్నప్పుడు రోటారు తాను ఉండాల్సిన చోటు నుంచి కొద్దిగా వెనకబడి ఉంటుంది. ఎంత వెనకబడితే అయస్కాంతం అంత గట్టిగా ముందుకు లాగుతుంది. వెనకబాటు ఒక పూర్తి స్టెప్పు అయ్యేసరికి మోటారు తన బలమంతా చూపిస్తుంది. అంతకు మించితే లాగే శక్తి తగ్గుతూ పోయి, రెండు స్టెప్పులు దాటాక రోటారు పట్టు వదిలి వెనకనున్న మరో స్థానంలో కుదురుకుంటుంది. ఆ స్థానం సరిగ్గా నాలుగు స్టెప్పుల వెనక ఉంటుంది. అంటే మోటారు స్టెప్పు తప్పితే ఒకటీ అరా తప్పదు, నాలుగు చొప్పునే తప్పుతుంది.

ఇది తెలిస్తే ఒక స్కేలుతోనే సగం రోగం కనిపెట్టవచ్చు. ప్లాటర్లలో మామూలుగా ఉండేది రెండు మిల్లీమీటర్ల పళ్ల దూరం ఉన్న జీటీ2 బెల్టు, 20 పళ్ల పుల్లీ. ఒక చుట్టుకు బెల్టు 40 మిల్లీమీటర్లు కదులుతుంది. నాలుగు స్టెప్పులంటే చుట్టులో యాభయ్యో వంతు, అంటే 0.8 మిల్లీమీటర్లు. బొమ్మ పక్కకు జరిగిన దూరం 0.8, 1.6, 2.4 ఇలా ఉంటే తప్పింది మోటారే. సరిగ్గా 2 మిల్లీమీటర్లు జరిగితే బెల్టు ఒక పన్ను దాటి దూకిందని అర్థం. దానికి బెల్టు బిగించాలి కానీ కరెంటు పెంచకూడదు. జరిగిన దూరానికి ఏ లెక్కా కుదరక, ప్రతిసారీ ఒక్కోలా ఉంటే పుల్లీని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైందేమో చూడాలి. ఇక బొమ్మ జరగకుండా, మొత్తంగా పెద్దదిగానో చిన్నదిగానో వస్తుంటే అది స్టెప్పు తప్పడమే కాదు, మిల్లీమీటరుకు ఎన్ని పల్సులో రాసిన లెక్క తప్పు.

పరీక్ష ఇలా చేయవచ్చు. పెన్నుతో మూలబిందువు దగ్గర చిన్న ప్లస్ గుర్తు గీయించి, పెన్ను ఎత్తి, పూర్తి వేగంతో అటూ ఇటూ ఇరవై సార్లు తిప్పి, మళ్లీ అదే చోట ప్లస్ గీయించాలి. జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ప్లాటరుకు కింది వరుసలను మళ్లీ మళ్లీ పంపితే చాలు.

```
G21 G90
G0 X150 Y100
G0 X0 Y0
```

రెండు గుర్తులు ఒకదాని మీద ఒకటి పడితే ఆ వేగానికి యంత్రం నమ్మదగినదే. పడకపోతే వాటి మధ్య దూరం అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని విడివిడిగా కొలవాలి. ఏ మోటారు వైపు తప్పు ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది.

కరెంటు లెక్క

మోటారు మీద రాసి ఉండే కరెంటు దాని గరిష్ఠ హద్దు. అంత కరెంటు ఇచ్చి తీరాలని దానర్థం కాదు. ఉదాహరణకు 1.7 ఆంపియర్లు, 0.4 న్యూటన్ మీటర్ల బలం అని రాసి ఉన్న మోటారును తీసుకుందాం. దాన్ని నడిపేది చవకైన ఏ4988 డ్రైవరు అనుకుందాం. ఈ చిప్పుకు కాగితం మీద హద్దు 2 ఆంపియర్లు. కానీ ఆ చిన్న బోర్డు మీద గాలి తగిలే ఏర్పాటేమీ లేకుండా అది హాయిగా భరించేది సుమారు 1 ఆంపియరే. కాబట్టి ఇక్కడ హద్దు పెట్టేది మోటారు కాదు, డ్రైవరు.

ఒక ఆంపియరుతో మోటారు బలహీనపడదా అన్న సందేహం వస్తుంది. బలం దాదాపు కరెంటుతో పాటే తగ్గుతుంది. కాయిళ్లలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గం లెక్కన తగ్గుతుంది. 1.7 నుంచి 1 ఆంపియరుకు దిగితే బలం 59 శాతం మిగులుతుంది, వేడి మాత్రం 35 శాతానికి పడిపోతుంది. మోటారు విషయంలో ఇంతకంటే లాభసాటి బేరం లేదు.

మిగిలిన బలం సరిపోతుందో లేదో లెక్క కట్టవచ్చు. కాగితం మీది 0.4 న్యూటన్ మీటర్లు రెండు కాయిళ్లలోనూ పూర్తి కరెంటు ఉన్నప్పటి లెక్క. ఏ4988లో పెట్టే హద్దు, కాయిల్లో అలలా పెరిగి తరిగే కరెంటు శిఖరానికి వర్తిస్తుంది. ఒక కాయిల్లో కరెంటు శిఖరాన ఉన్నప్పుడు రెండో దాంట్లో సున్నా ఉంటుంది. అందువల్ల బలాన్ని మరో 0.7తో గుణించాలి. 20 పళ్ల పుల్లీ వ్యాసార్థం సుమారు 6.4 మిల్లీమీటర్లు. ఇవన్నీ కలిపితే, 1 ఆంపియరు వద్ద ఈ మోటారు బెల్టును దాదాపు 2.6 కిలోల బరువంత బలంతో పట్టి ఉంచగలదు.

ప్లాటరుకు కావలసిందెంత? పెన్ను మోసే బండి అరకిలో ఉందనుకున్నా, సెకనుకు సెకనుకు 1000 మిల్లీమీటర్ల త్వరణంతో దాన్ని కదపడానికి 50 గ్రాముల బరువంత బలం చాలు. రాపిడికి ఇంకో రెండు మూడు వందల గ్రాములు కలుపుకున్నా మోటారు దగ్గర ఎన్నో రెట్లు మిగులు ఉంటుంది. అంత మిగులు ఉండి కూడా నెమ్మదైన కదలికల్లోనే స్టెప్పులు తప్పుతున్నాయంటే తప్పు కరెంటుది కాదు. కడ్డీలు సమాంతరంగా లేకపోవడం, బెల్టు మరీ బిగువుగా ఉండటం, బేరింగులో దుమ్ము చేరడం లాంటివి వెతకాలి. పవర్ తీసేసి బండిని చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు జరిపితే, ఎక్కడో ఒకచోట పట్టేసినట్టు చేతికే తెలుస్తుంది. బెల్టు, బేరింగుల్లోని లోపాన్ని కరెంటుతో కప్పిపుచ్చడం ఇంట్లో తయారయ్యే యంత్రాల్లో తరచూ జరిగే పొరపాటు. ఆ లోపం తర్వాత వేడి రూపంలో బయటపడుతుంది.

స్క్రూ తిప్పే పద్ధతి

ఏ4988 బోర్డు మీది స్క్రూ నిజానికి నేరుగా కరెంటును మార్చదు. అది చిప్పుకు ఒక రెఫరెన్స్ వోల్టేజి ఇస్తుంది. కాయిల్లోని కరెంటు బోర్డు మీది చిన్న సెన్స్ రెసిస్టరు గుండా పోతూ అక్కడ కొంత వోల్టేజి పుట్టిస్తుంది. అది రెఫరెన్స్ ప్రకారం ఉండాల్సిన హద్దును తాకగానే చిప్పు కరెంటును కోసేస్తుంది, తగ్గాక మళ్లీ ఇస్తుంది. సెకనుకు వేల సార్లు జరిగే ఈ కోతే మోటారును కాపాడుతుంది. 1.5 ఓముల కాయిల్‌కు 12 వోల్టులు పెట్టినా మోటారు మాడిపోకపోవడానికి కారణం ఇదే. ఏ4988కు సూత్రం ఇది:

```
Vref = 8 × Rs × I
```

ఇందులో `Rs` సెన్స్ రెసిస్టరు విలువ. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకేలా కనిపించే ఏ4988 బోర్డుల మీద ఈ విలువ ఒక్కోలా ఉంటుంది. చిప్పు పక్కన జంటగా ఉండే చిన్న నల్ల రెసిస్టర్ల మీద `R100` అని ఉంటే 0.1 ఓము, `R068` అని ఉంటే 0.068, `R050` అని ఉంటే 0.05. ఒక ఆంపియరు కావాలంటే మొదటి దానికి 0.8 వోల్టులు పెట్టాలి, రెండో దానికి 0.54, మూడో దానికి 0.4. ఎక్కడో చదివిన 0.8 వోల్టులను గుడ్డిగా `R050` బోర్డు మీద పెడితే వెళ్లేది ఒక ఆంపియరు కాదు, రెండు. కోఠిలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, భూతద్దం పెట్టో ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసో ఆ అంకెలు చదివాకే లెక్క మొదలుపెట్టాలి.

కొలతకు మల్టీమీటరును డీసీ వోల్టుల్లో 2 వోల్టుల రేంజిలో పెట్టాలి. నల్ల తీగను బోర్డు గ్రౌండ్ పిన్నుకు, ఎర్ర తీగను స్క్రూ లోహపు తలకు ఆనించాలి. ఏ4988కు ఆర్డునో నుంచి వచ్చే 5 వోల్టులు చాలు, మోటారు పవర్ లేకపోయినా రీడింగు వస్తుంది. డీఆర్‌వీ8825 డ్రైవరుకు మాత్రం మోటారు పవర్ కూడా ఉండాలి, ఎందుకంటే దాని రెఫరెన్స్ ఆ పవర్ నుంచే తయారవుతుంది. దాని సూత్రం కూడా వేరు: 0.1 ఓము రెసిస్టరు ఉన్నప్పుడు కరెంటు రెఫరెన్స్ వోల్టేజికి రెట్టింపు. స్క్రూను ఒకేసారి చుట్టు తిప్పకుండా కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతి జరుపుకూ మీటరు చూడాలి. ఏ వైపు తిప్పితే పెరుగుతుందో బోర్డును బట్టి మారవచ్చు కాబట్టి మీటరు మాటే వినాలి. మోటారు పవర్ ఆన్‌లో ఉండగా స్క్రూడ్రైవరు జారి పక్క పిన్నులను కలిపితే డ్రైవరు అక్కడికక్కడే పోతుంది. అదే పవర్ ఉండగా మోటారు తీగలు పీకినా, పెట్టినా కూడా అదే గతి.

కొందరు అడాప్టరు తీగలో ఆమ్మీటరు పెట్టి, అక్కడ 0.4 ఆంపియర్లే చూపిస్తోందని కరెంటు పెంచేస్తారు. అది తప్పు దారి. కోత పద్ధతిలో నడిచే డ్రైవరు ఎక్కువ వోల్టేజి వద్ద తక్కువ కరెంటు తీసుకుని, కాయిల్‌కు తక్కువ వోల్టేజి వద్ద ఎక్కువ కరెంటు ఇస్తుంది. అడాప్టరు దగ్గర కనిపించే అంకెకూ కాయిల్లో తిరిగే కరెంటుకూ నేరు సంబంధం లేదు.

వేడిని చదవడం

మోటారు వేడిగా ఉండటమే జబ్బు కాదు. చాలా స్టెప్పర్ మోటార్లలో కాయిళ్ల ఇన్సులేషన్ 130 డిగ్రీల దాకా తట్టుకునే రకం. ఒళ్లు 60, 70 డిగ్రీలు ఉన్నా మోటారుకు ఏమీ కాదు. అయితే మోటారును బిగించిన బ్రాకెట్టు త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసినదైతే అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బ్రాకెట్టు వంగితే బెల్టు వదులవుతుంది, మళ్లీ గీతలు జరుగుతాయి. అలాంటి చోట మోటారును 50 డిగ్రీల లోపు ఉంచడమే మేలు. అరగంట నడిపాక మోటారు మీద అరచెయ్యి పెట్టి కొన్ని సెకన్లు ఉంచగలిగితే దాదాపు ఆ హద్దులోనే ఉన్నట్టు.

డ్రైవరు సంగతి వేరు. ఏ4988 చిప్పు లోపల వేడి సుమారు 165 డిగ్రీలకు చేరితే అది తనను తాను కాపాడుకోవడానికి మోటారుకు కరెంటు ఆపేస్తుంది. పదిహేను డిగ్రీలు చల్లబడగానే మళ్లీ ఇస్తుంది. ఆ మధ్యలో మోటారు పట్టు వదిలేస్తుంది, పల్సులు మాత్రం వస్తూనే ఉంటాయి. ఎక్కువ కరెంటు వల్ల స్టెప్పులు తప్పేది ఇలాగే. దీన్ని గుర్తుపట్టడం తేలిక. చల్లగా ఉన్నప్పుడు యంత్రం చక్కగా పనిచేస్తుంది. పది, ఇరవై నిమిషాలయ్యాక మోటారు ఉన్నట్టుండి మూగబోయి, మరుక్షణం మళ్లీ గుర్రుమంటుంది. జరుగుబాటు కూడా పెద్దదిగా, ఎక్కడబడితే అక్కడ వస్తుంది. తక్కువ బలం వల్ల తప్పేదైతే వేడితో నిమిత్తం లేకుండా, బొమ్మలో ఒకే చోట, వేగంగా దిశ మారే మలుపుల్లో, కీచుమనే శబ్దంతో తప్పుతుంది.

చిప్పు వేడి ఎక్కువ భాగం కింద ఉన్న బోర్డులోకే దిగుతుంది. పైన అతికించే అల్యూమినియం హీట్ సింక్ కొంతే సాయపడుతుంది. బోర్డు మొత్తానికి పక్క నుంచి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే వచ్చే ఫలితం చాలా ఎక్కువ. చిప్పు వేడి గది వేడికి అదనం అన్నది కూడా మరచిపోరాదు. జనవరిలో నిక్షేపంగా నడిచిన ప్లాటరు, మూసిన డబ్బాలో, మే నెల రామగుండం ఎండల్లో మొండికేస్తే ఆశ్చర్యం లేదు.

పై మోటారుకు పని ఈ వరుసలో చేయాలి. `R100` బోర్డు మీద 0.8 వోల్టులు పెట్టి, ప్లస్ గుర్తుల పరీక్ష చేయాలి. గుర్తులు కలిస్తే 0.7, ఆ తర్వాత 0.6 అంటూ తగ్గించుకుంటూ వెళ్లాలి. 0.5 వోల్టుల వద్ద మొదటిసారి గుర్తులు విడిపోయాయనుకుందాం. అప్పుడు ఆ యంత్రానికి కావలసిన కనీస కరెంటు సుమారు 0.6 ఆంపియర్లకు కాస్త పైన ఉన్నట్టు. దానికి దాదాపు మూడో వంతు కలిపి 0.65 వోల్టుల వద్ద, అంటే సుమారు 0.8 ఆంపియర్ల వద్ద స్థిరపడవచ్చు. అందరూ పెట్టే అంకెకన్నా ఇలా తన యంత్రం మీద కిందికి దిగి కనిపెట్టిన అంకె ఎప్పుడూ మెరుగు. మోటారు చల్లగా, డ్రైవరు నిశ్చింతగా ఉంటాయి.

వేగం పెరిగితే

కరెంటు పెంచినా ఫలితం లేని చోటు ఒకటుంది. అది వేగం. కాయిల్లో కరెంటు ఒక్కసారిగా పెరగదు. 2.8 మిల్లీహెన్రీల ఇండక్టెన్స్ ఉన్న కాయిల్‌కు 12 వోల్టులు ఇస్తే ఒక ఆంపియరు చేరడానికి పావు మిల్లీసెకను దాకా పడుతుంది. బండి సెకనుకు 200 మిల్లీమీటర్లు పోతుంటే ఒక్కో పూర్తి స్టెప్పుకు దొరికేది ఒక మిల్లీసెకను. దానికి తోడు తిరిగే రోటారే కాయిల్లో ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ కరెంటు స్క్రూతో పెట్టిన హద్దును చేరక ముందే తర్వాతి స్టెప్పు వచ్చేస్తుంది. అక్కడ హద్దు ఎంత పెంచినా లాభం లేదు, చేరలేని హద్దు ఎత్తు పెరిగిందంతే. నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఆ పెంచిన కరెంటంతా వేడిగా మారుతుంది.

దీనికి మందు సప్లై వోల్టేజి. 12కు బదులు 24 వోల్టులు ఇస్తే కరెంటు సగం సమయంలో పైకి లేస్తుంది. ఏ4988 చిప్పు 35 వోల్టుల దాకా తట్టుకుంటుంది. అయితే బోర్డు మీది కెపాసిటర్ల వోల్టేజి హద్దు, ఆర్డునోకు ఆ పవర్ నేరుగా పోతోందా అన్నవి ముందే చూసుకోవాలి. మోటారు పవర్ పిన్నుల దగ్గర కనీసం 100 మైక్రోఫారాడ్ల కెపాసిటరు ఉండాల్సిందే. వోల్టేజి మార్చడం కుదరకపోతే గరిష్ఠ వేగాన్ని, త్వరణాన్ని తగ్గించాలి. జీఆర్‌బీఎల్‌లో వేగం నిమిషానికి మిల్లీమీటర్లలో ఉంటుంది. కిందివి సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగానికి, మితమైన త్వరణానికి సరిపోయే విలువలు.

```
$110=6000
$111=6000
$120=300
$121=300
```

సొంతంగా ప్రోగ్రాము రాసుకునే స్లైడర్లలో త్వరణం అన్న మాటే ఉండదు. మొదటి పల్సు నుంచే పూర్తి వేగం ఇచ్చేస్తారు. కిలోన్నర కెమెరా ఒక్క ఉదుటున సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగం అందుకోలేదు. రోటారు వెనకబడి పట్టు వదులుతుంది. ఇక్కడ కావలసింది మెల్లగా వేగం పెంచే ప్రోగ్రాము, ఎక్కువ కరెంటు కాదు.

మైక్రోస్టెప్పింగ్ ఇచ్చేది, ఇవ్వనిది

రెండు కాయిళ్లలో కరెంటును పూర్తిగా ఆన్, ఆఫ్ చేయకుండా, ఒకదాంట్లో తగ్గిస్తూ రెండో దాంట్లో పెంచితే రోటారు రెండు స్టెప్పుల మధ్యలో కూడా నిలుస్తుంది. పూర్తి స్టెప్పును 2, 4, 8, 16 భాగాలు చేయడమే మైక్రోస్టెప్పింగ్. మామూలు సీఎన్‌సీ షీల్డు మీద డ్రైవరు కింద మూడు జంపర్లు పెడితే ఏ4988 ఒక స్టెప్పును 16 భాగాలు చేస్తుంది. అప్పుడు చుట్టుకు 3200 పల్సులు, మిల్లీమీటరుకు 80. అవే జంపర్లు ఉండగా ఏ4988 తీసి డీఆర్‌వీ8825 పెడితే అది 32 భాగాలు చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో 80 అలాగే ఉంటే 100 మిల్లీమీటర్ల గీత 50 మిల్లీమీటర్లే వస్తుంది. దీన్ని చాలామంది స్టెప్పులు తప్పడంగా భ్రమపడతారు.

స్లైడర్‌కు మైక్రోస్టెప్పింగ్ తప్పనిసరి. వీడియో తీస్తూ కెమెరా సెకనుకు 5 మిల్లీమీటర్లు జరుగుతోందనుకుందాం. పూర్తి స్టెప్పులతో అయితే సెకనుకు 25 కుదుపులు, ఒక్కోటి 0.2 మిల్లీమీటర్లు. వీడియోలో వణుకు కనిపిస్తుంది, మైకులో టకటక వినిపిస్తుంది. 16 భాగాలు చేస్తే కుదుపు 0.0125 మిల్లీమీటర్లకు తగ్గి, సెకనుకు 400 పల్సులతో కదలిక నునుపుగా సాగుతుంది. కొన్ని వేగాల వద్ద మోటారు సహజ కంపనంతో స్టెప్పుల లయ కలిసి, బరువేమీ లేకపోయినా రోటారు ఊగిపోయి స్టెప్పులు తప్పే జబ్బు కూడా దీంతో చాలావరకు తగ్గుతుంది.

అయితే భాగాలు పెంచేకొద్దీ కచ్చితత్వం పెరుగుతుందనుకోవడం తప్పు. ఒక మైక్రోస్టెప్పు వేసినప్పుడు రోటారును అక్కడికి నెట్టే బలం చాలా చిన్నది. 16 భాగాలు చేస్తే అది మోటారు పూర్తి బలంలో 10 శాతం, 32 చేస్తే 5 శాతం, 256 చేస్తే ఒక శాతం కూడా ఉండదు. మోటారు మొత్తం బలం తగ్గిందని కాదు, ఒక్క చిన్న స్టెప్పు చూపగల పట్టు అంతే. పై లెక్కలో బెల్టు మీద పట్టు 2.6 కిలోలు కదా. స్లైడర్ రాపిడి 200 గ్రాములైతే అది దాదాపు 7.5 శాతం. 16 భాగాల వద్ద ఒక్క పల్సుకే బండి కదులుతుంది. 32 వద్ద మొదటి పల్సుకు కదలదు, రెండో పల్సు కూడా వచ్చాక కదులుతుంది. లెక్కలో భాగాలు రెట్టింపయ్యాయి, పట్టా మీద బండి ఆగే చోట్లు పెరగలేదు. ఇంట్లో చేసే స్లైడరుకు 16 భాగాలు సరిపోతాయనడానికి కారణం ఇదే.

భాగాలు పెరిగితే పంపాల్సిన పల్సులూ పెరుగుతాయి. ఆర్డునో యూనోలో జీఆర్‌బీఎల్ సెకనుకు సుమారు 30 వేల పల్సులు పంపగలదు. సెకనుకు 200 మిల్లీమీటర్ల వేగానికి 16 భాగాల వద్ద 16 వేలు చాలు. 32 భాగాలంటే 32 వేలు, హద్దు దాటిపోతుంది. స్లైడర్లలో ఎక్కువగా వాడే `AccelStepper` లైబ్రరీ అదే బోర్డు మీద సెకనుకు 4 వేల దగ్గరే ఆగుతుంది. 80 పల్సులకు ఒక మిల్లీమీటరు అనుకుంటే సెకనుకు 50 మిల్లీమీటర్లు దాటదు. ఇంకా వేగం కావాలంటే భాగాలను 8కి తగ్గించుకోవడం మంచి దారి.

శబ్దం అసలే పనికిరాని వీడియో పనికి టీఎంసీ2209 డ్రైవరు మీద ఖర్చు పెట్టడం న్యాయమే. అది 16 భాగాల పల్సులనే తీసుకుని లోపల తానే 256 భాగాలుగా నునుపు చేస్తుంది, దాదాపు నిశ్శబ్దంగా నడుస్తుంది. దానికి ఏ4988 సూత్రం వర్తించదు. దాని కరెంటును ఆర్ఎంఎస్ లెక్కలో చెబుతారు, శిఖరం దానికి 1.41 రెట్లు. ఆ నిశ్శబ్ద పద్ధతిలో వేగం, త్వరణం బాగా పెంచితే స్టెప్పులు తప్పే అవకాశం ఉంది కాబట్టి వేగంగా నడిచే ప్లాటరుకు అది అంత అనువు కాదు.

ఆగి ఉన్నప్పుడు

స్టెప్పర్ మోటారు కదలకుండా నిలబడి ఉన్నా ఏ4988 పెట్టిన కరెంటును పంపుతూనే ఉంటుంది. టైమ్‌ల్యాప్స్‌లో ఫొటోకూ ఫొటోకూ మధ్య ఎక్కువ సమయం ఆగి ఉండే స్లైడరులో వేడంతా అప్పుడు పుట్టేదే. వేడికి భయపడి మధ్యలో డ్రైవరును ఆఫ్ చేస్తే మరో చిక్కు. రెండు స్టెప్పుల మధ్య నిలిచిన రోటారు పట్టు పోగానే దగ్గరలోని సహజ స్థానానికి జరిగిపోతుంది. ఏటవాలుగా పెట్టిన స్లైడరైతే కెమెరాతో సహా కిందికి జారుతుంది. జీఆర్‌బీఎల్ మామూలుగా కదలిక ఆగిన 25 మిల్లీసెకన్లకే మోటార్లను వదిలేస్తుంది. ఎప్పుడూ పట్టి ఉంచాలంటే ఇలా మార్చాలి:

```
$1=255
```

దీని తర్వాత వేడి పెరుగుతుంది కాబట్టి, కరెంటు సర్దుబాటూ అరచేతి పరీక్షా ఈ అమరికతోనే మళ్లీ చేయాలి. టీఎంసీ2209 అయితే ఆగి ఉన్నప్పుడు కరెంటును తానే తగ్గించేలా పెట్టుకోవచ్చు. నిలువుగా పైకీ కిందికీ నడిచే స్లైడరుకు కిలోన్నర కెమెరా బరువంతా బెల్టు మీదే పడుతుంది. 2.6 కిలోల పట్టులో అది సగానికి మించిన వాటా, మోటారు కదులుతున్నప్పుడు పట్టు ఇంకా తగ్గుతుంది. అక్కడ ఫ్యాను పెట్టి కరెంటు 1.3 ఆంపియర్లకు పెంచడం కంటే, రెండో వైపు సమాన బరువు వేలాడదీయడం నమ్మకమైన పని.

చివరిగా సరిపోయిన రెఫరెన్స్ వోల్టేజిని, సెన్స్ రెసిస్టరు మీది అంకెను, జంపర్ల అమరికను ఒక చిన్న కాగితం మీద రాసి యంత్రానికే అతికించాలి. డ్రైవరు మార్చిన ప్రతిసారీ మోటారు కలిపే ముందే కొత్త బోర్డు రెసిస్టరు చదివి, వోల్టేజి కొలవాలి. పాత బోర్డు అంకె కొత్త బోర్డుకు చెల్లుతుందన్న హామీ ఏదీ లేదు.